వడ్డీ వద్దు, లాభం వద్దనలేదు: ఇస్లామిక్ ఫైనాన్స్ లెక్క ఏమిటి, కోల్‌కతాలో అది ఎక్కడ ఆగిపోతోంది?

కోల్‌కతాలో నాఖుదా మసీదు చుట్టూ ఉన్న జకారియా స్ట్రీట్, చిత్‌పూర్ ప్రాంతాలు వ్యాపారానికి పెట్టింది పేరు. అత్తరు, ఎండు ఫలాలు, బట్టలు, చెప్పులు అమ్మే దుకాణాలు అక్కడ వరుసగా కనిపిస్తాయి. ఆ వ్యాపారులందరికీ బ్యాంకు ఖాతాలున్నాయి. మూడు నెలలకోసారి పొదుపు ఖాతాలో కొంత వడ్డీ జమ అవుతుంది. మత నియమాలను నిష్ఠగా పాటించే ముస్లింకు ఆ చిన్న మొత్తమే పెద్ద చిక్కు. దానిని ఖర్చు పెట్టుకుంటే నిషిద్ధమైన సొమ్ము తిన్నట్టు, వదిలేస్తే బ్యాంకుకు ఊరికే ఇచ్చినట్టు. భారతదేశంలోని ముఫ్తీలలో చాలామంది ఇచ్చే సలహా ఏమిటంటే, ఆ సొమ్మును బ్యాంకులో వదలకుండా తీసుకుని, పుణ్యం ఆశించకుండా పేదలకు ఇచ్చివేయాలి.

కోల్‌కతా నుంచి రోడ్డు మార్గాన దాదాపు 80 కిలోమీటర్లు వెళితే పెట్రాపోల్ సరిహద్దు వస్తుంది. దానిని దాటితే బంగ్లాదేశ్. అక్కడ 1983లోనే ఇస్లామీ బ్యాంక్ బంగ్లాదేశ్ ఏర్పడింది. అదే బెంగాలీ భాష మాట్లాడే ఖాతాదారు అక్కడ బ్యాంకు నుంచి సరుకు కొనుక్కుంటాడు, ఇక్కడ బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకుంటాడు. చివరకు కట్టే మొత్తం రెండుచోట్లా ఒకటే కావచ్చు. అలాంటప్పుడు తేడా ఎక్కడుంది? ఉందని ఒకరు, పేరు మార్చడం తప్ప మరేమీ లేదని మరొకరు అంటారు. ఈ వాదన అర్థం కావాలంటే ముందుగా నిషేధం దేనిమీద ఉందో తెలియాలి.

నిషేధం దేనిమీద?

ఖురాన్ వాడిన మాట ‘రిబా’. అరబీలో దాని మూలార్థం పెరుగుదల. అయితే అన్ని రకాల పెరుగుదలనూ ఆ గ్రంథం తప్పుపట్టలేదు. రెండవ అధ్యాయం 275వ వాక్యం వ్యాపారాన్ని అనుమతిస్తూ, రిబాను నిషేధిస్తుంది. వ్యాపారం కూడా రిబా వంటిదే కదా అని రిబా తినేవారు వాదించారని ఆ వాక్యమే చెబుతుంది. అంటే ‘రెండూ ఒకటే కదా’ అన్న నేటి ప్రశ్న పద్నాలుగు వందల ఏళ్లనాటిది.

నాటి అరేబియాలో వాడుకలో ఉన్న పద్ధతిని వ్యాఖ్యాతలు ఇలా వివరించారు. అప్పు గడువు తీరగానే రుణదాత వచ్చి, ‘కడతావా, పెంచుతావా?’ అని అడిగేవాడు. కట్టలేనివాడు గడువు పెంచుకునేవాడు, దానితోపాటు బాకీ పెరిగేది. రెండు మూడు గడువులు దాటితే బాకీ రెట్టింపయ్యేది. మూడవ అధ్యాయం 130వ వాక్యం రెట్టింపుల మీద రెట్టింపులుగా తినవద్దని చెప్పింది ఈ పద్ధతి గురించే. ఆ తర్వాత రెండవ అధ్యాయంలోని 280వ వాక్యం, రుణగ్రస్తుడు ఇబ్బందిలో ఉంటే వెసులుబాటు కలిగేవరకు గడువు ఇవ్వాలని, మాఫీ చేస్తే మరీ మంచిదని చెబుతుంది. ప్రవక్త తన చివరి హజ్ ప్రసంగంలో రద్దు చేసిన వడ్డీ బాకీలలో మొదటిది తన సొంత పినతండ్రి అబ్బాస్‌కు రావలసినదేనని సంప్రదాయం.

దీనికి హదీసులు మరొక పొర చేర్చాయి. బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు: ఈ ఆరింటిలో ఏ వస్తువునైనా అదే వస్తువుతో మార్చుకుంటే సమానంగా, చేతికి చేతిగా మార్చుకోవాలని నియమం. పది తులాల బంగారానికి బదులుగా పదకొండు తులాలు తీసుకోవడం కుదరదు. రూపాయి నోటు బంగారం స్థానంలోకి వచ్చింది గనుక, పది రూపాయలిచ్చి పదకొండు రూపాయలు తీసుకోవడం కూడా కుదరదని నేటి పండితులలో అధిక సంఖ్యాకుల తీర్పు.

ఎందుకు కుదరదు? ధర్మశాస్త్రవేత్తలు చెప్పే కారణాలలో రెండు ముఖ్యమైనవి. మొదటిది డబ్బు స్వభావం గురించినది. పదకొండో శతాబ్దపు ఇమామ్ గజాలీ దృష్టిలో డబ్బు ఇతర వస్తువుల విలువను కొలిచే సాధనం. దానికదిగా దానితో ప్రయోజనం లేదు. కొలబద్దనే సరుకుగా అమ్ముకోవడం దాని ఉద్దేశాన్ని చెడగొట్టడమే. రెండవ కారణం నష్టభారం గురించినది. ఒక వస్తువు నుంచి వచ్చే ఫలం, ఆ వస్తువు పోతే నష్టపోయేవాడికే చెందాలని ఇస్లామీ న్యాయశాస్త్రంలో ప్రసిద్ధమైన సూత్రం ఒకటి ఉంది. ఇల్లు అద్దెకిచ్చినవాడు అద్దె తీసుకోవచ్చు, ఎందుకంటే ఆ ఇల్లు కూలితే పోయేది అతనిదే. అప్పిచ్చినవాడి అసలు మాత్రం అప్పు తీసుకున్నవాడి వ్యాపారం మునిగినా బాకీగా నిలిచే ఉంటుంది. కాబట్టి దానిమీద ముందే నిర్ణయించుకున్న ఫలం కోరడం, నష్టం మోయకుండా లాభం పొందడమే. ఇస్లామిక్ ఫైనాన్స్‌లో కనిపించే ప్రతి ఒప్పందాన్నీ ఈ రెండవ సూత్రంతో పరీక్షించి చూడవచ్చు.

అందరూ ఈ అర్థాన్ని అంగీకరించలేదు. నిషేధం నిరుపేదను పీల్చే వడ్డీకే గాని బ్యాంకు వడ్డీకి వర్తించదని ఇరవయ్యో శతాబ్దంలో కొందరు ఆధునికవాదులు వాదించారు. ఈజిప్టు ముఫ్తీగా ఉన్న ముహమ్మద్ సయ్యద్ తంతావీ 1989లో కొన్ని ప్రభుత్వ పొదుపు పత్రాలమీద వచ్చే ఆదాయం ధర్మసమ్మతమేనన్నారు. అధిక సంఖ్యాక పండితులు దీనిని తోసిపుచ్చారు.

కలకత్తా చరిత్రలో వడ్డీ

కలకత్తాకు ఈ చర్చతో పాత పరిచయమే ఉంది. హనఫీ న్యాయ సంప్రదాయంలో ప్రామాణికమైన ‘హిదాయా’ గ్రంథాన్ని ఈస్టిండియా కంపెనీ కోర్టుల అవసరం కోసం వారన్ హేస్టింగ్స్ ప్రోత్సాహంతో చార్లెస్ హామిల్టన్ ఇంగ్లిషులోకి తెచ్చాడు. అది 1791లో అచ్చయింది. రిబా గురించిన అధ్యాయమూ, నేటి ఇస్లామిక్ బ్యాంకులకు ఆధారమైన మురాబహా అమ్మకం గురించిన అధ్యాయమూ ఆ గ్రంథంలో ఉన్నాయి.

అయినా కంపెనీ పాలనలో ఆ నిషేధానికి కోర్టు బలం నిలవలేదు. 1855లో వచ్చిన 28వ చట్టం వడ్డీ పరిమితులను ఎత్తివేసింది. పక్షాలు ఒప్పుకున్న రేటునే కోర్టులు అమలు చేశాయి. వడ్డీ తీసుకోకపోవడం ముస్లింకు అంతరాత్మకు సంబంధించిన విషయంగా మిగిలిపోయింది. ఆ తర్వాత బెంగాల్ గ్రామాలలో రైతు బాకీ పెరుగుతూ పోయింది. రైతులలో అధికులు ముస్లింలు, మహాజనులలో అధికులు హిందువులు కావడంతో ఆర్థిక సమస్యకు మతపు రంగు కూడా అంటింది.

అయితే వడ్డీ వ్యాపారానికి ఒకే మతం లేదని చెప్పడానికి కలకత్తా వీధులే సాక్ష్యం. అఫ్గానిస్తాన్ నుంచి వచ్చిన కాబూలీవాలాలు ముస్లింలే. వారిలో చాలామంది చేతిలో కర్ర పట్టుకుని, గుమాస్తాలకూ మిల్లు కూలీలకూ అధిక వడ్డీకి అప్పులిచ్చి వసూలు చేసుకునేవారు. రవీంద్రనాథ్ ఠాగూర్ 1892లో రాసిన కథలోని కాబూలీవాలా మాత్రం వేరు. అతడు జైలుకు వెళ్లడానికి కారణమైన బాకీ వడ్డీ బాకీ కాదు, అరువుకు అమ్మిన శాలువా ధర. న్యాయశాస్త్రం దృష్టిలో ఇది చిన్న తేడా కాదు. ఈ వ్యాసంలో తర్వాత వచ్చే లెక్క అంతా ఆ తేడామీదే నిలబడి ఉంది.

ఫజ్లుల్ హక్ మంత్రివర్గం కాలంలో వచ్చిన 1940నాటి బెంగాల్ వడ్డీ వ్యాపారుల చట్టం తాకట్టు ఉన్న అప్పుకు ఏడాదికి 8 శాతం, తాకట్టు లేని అప్పుకు 10 శాతం సాధారణ వడ్డీని గరిష్ఠ పరిమితిగా పెట్టింది. వడ్డీతో కలిపి మొత్తం వసూలు అసలుకు రెండింతలు మించకూడదని కూడా చెప్పింది. ఇది ఇస్లామీ నిషేధం కాదు. హిందూ ధర్మశాస్త్రంలోని ‘దామ్‌దుపట్’ నియమానికే దగ్గరగా ఉంటుంది.

తోళ్ల వ్యాపారి లెక్క

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. తిల్జలాలో చెప్పులు, సంచులు కుట్టించే ఒక చిన్న వ్యాపారికి 10 లక్షల రూపాయల విలువైన శుద్ధి చేసిన తోళ్లు కావాలి. చేతిలో డబ్బు లేదు. ఏడాదిలో నెలవారీ వాయిదాలలో తీర్చగలడు.

మామూలు బ్యాంకుకు వెళితే ఏడాదికి 12 శాతం వడ్డీకి, అంటే మనవైపు మాటలో నూటికి రూపాయి వడ్డీకి, 10 లక్షలు అప్పు ఇస్తుంది. నెలనెలా తగ్గే బాకీమీద లెక్కిస్తే వాయిదా 88,850 రూపాయల దగ్గర తేలుతుంది. పన్నెండు నెలలకు కట్టేది సుమారు 10,66,200 రూపాయలు.

ఇస్లామిక్ బ్యాంకు డబ్బు ఇవ్వదు. దాని పద్ధతి పేరు మురాబహా. కొన్న ధరనూ, వేసుకుంటున్న లాభాన్నీ కొనుగోలుదారుకు విప్పి చెప్పి అమ్మడమే మురాబహా. అది జరిగే వరుస ఇలా ఉంటుంది. వ్యాపారి తనకు కావలసిన తోళ్ల రకం, పరిమాణం, అమ్మే టానరీ పేరు బ్యాంకుకు చెబుతాడు. బ్యాంకు కొని తెస్తే తాను కొంటానని మాట ఇస్తాడు. ఈ దశలో అది మాట మాత్రమే, అమ్మకం కాదు, ఎందుకంటే తన దగ్గర లేని వస్తువును అమ్మడం నిషిద్ధం. తర్వాత బ్యాంకు బాన్‌తలాలోని టానరీకి 10 లక్షలు చెల్లించి తోళ్లను తన పేర కొంటుంది. సరుకు బ్యాంకుది అవుతుంది. గోదాములోనో, బ్యాంకు తరఫు ప్రతినిధి చేతిలోనో దాని అధీనంలోకి వస్తుంది. అప్పుడు మాత్రమే రెండవ ఒప్పందం జరుగుతుంది: బ్యాంకు అదే సరుకును వ్యాపారికి 10,66,200 రూపాయలకు, పన్నెండు వాయిదాల అరువుమీద అమ్ముతుంది. వాయిదా 88,850 రూపాయలు.

అంకెలు రూపాయి తేడా లేకుండా కలిశాయి. ఇది యాదృచ్ఛికం కాదు. బ్యాంకులు తమ లాభాన్ని నిర్ణయించేటప్పుడు మార్కెట్ వడ్డీ రేటునే కొలబద్దగా వాడతాయి. ఈ విషయాన్ని విమర్శకులు ఎత్తిచూపుతారు, సమర్థకులు దాచరు. కల్లు అమ్మేవాడు వేసుకున్నంత లాభమే పాలు అమ్మేవాడు వేసుకుంటే పాలు కల్లు కావు కదా అన్నది వారి జవాబు. జవాబు చమత్కారంగా ఉన్నా, తేడా నిజంగా ఉందో లేదో తేల్చేది పోలిక కాదు. ఏదైనా తేడా వచ్చినప్పుడు ఎవరు నష్టపోతారన్నదే తేల్చాలి. అలాంటి సందర్భాలు మూడు ఉన్నాయి.

మొదటిది, రెండు ఒప్పందాల మధ్య గోదాములో నిప్పంటుకుందనుకుందాం. మామూలు అప్పులో తోళ్లు కాలిపోయినా వ్యాపారి బాకీ కాలిపోదు. మురాబహాలో ఆ క్షణాన సరుకు బ్యాంకుది గనుక 10 లక్షలు నష్టపోయేది బ్యాంకే. ఆ నష్టభారం ఒక్కరోజుదే కావచ్చు, ఒక్క గంటదే కావచ్చు. 66,200 రూపాయల లాభాన్ని ధర్మశాస్త్రం అంగీకరించడానికి ఆధారం ఆ కొద్ది సమయమే. సరుకు నాసిరకమని తేలినా మొదటి బాధ్యత అమ్మకందారుగా బ్యాంకుదే.

రెండవది, మూడు వాయిదాలు కట్టాక వ్యాపారం దెబ్బతిని వాయిదాలు ఆగిపోయాయనుకుందాం. మామూలు అప్పులో వడ్డీ నడుస్తూనే ఉంటుంది, జరిమానా కూడా చేరుతుంది. మురాబహాలో ధర ఒకసారి నిర్ణయమయ్యాక అది మారదు. మిగిలిన బాకీ 7,99,650 రూపాయలు. ఏడాది ఆలస్యమైనా అంతే. ‘కడతావా, పెంచుతావా?’ అన్న పాత ప్రశ్న అడిగే హక్కు బ్యాంకుకు లేదు. ఉండీ ఎగవేసేవాడిని ఏం చేయాలన్నది దీనివల్ల పుట్టిన సమస్య. దానికి కనిపెట్టిన మార్గం, ఆలస్యమైతే కొంత సొమ్ము దానధర్మాలకు ఇస్తానని ముందే మాట రాయించుకోవడం. ఆ సొమ్ము వసూలు చేసేది బ్యాంకే అయినా తన ఆదాయంలో కలుపుకోకూడదు. తాకట్టు, హామీదారు ఎలాగూ ఉంటారు.

మూడవది వ్యాపారికి ప్రతికూలమైనది. దీని గురించి ప్రచార పత్రాలు అంతగా మాట్లాడవు. అదే మూడు నెలల తర్వాత అతనికి మంచి ఆర్డరు వచ్చి, మొత్తం ఒకేసారి తీర్చేయాలనుకున్నాడనుకుందాం. మామూలు బ్యాంకులో ఇంకా నడవని నెలలకు వడ్డీ ఉండదు గనుక, ముందస్తు రుసుము ఏమైనా ఉంటే అది పోను, సుమారు 7,61,000 రూపాయలు కడితే సరిపోతుంది. మురాబహాలో బాకీ అంటే సరుకు ధర. దానిలో తగ్గింపు అడిగే హక్కు అతనికి లేదు. ముందుగా కడితే తగ్గిస్తానని ఒప్పందంలోనే రాయడాన్ని హనఫీ పండితులు అంగీకరించరు, ఎందుకంటే కాలానికి వెల కట్టడం తలకిందులుగా జరిగినా అది వెల కట్టడమే. బ్యాంకు తన ఇష్టంతో తగ్గించవచ్చు, చాలా బ్యాంకులు తగ్గిస్తాయి కూడా. తగ్గించకపోతే తేడా సుమారు 38,500 రూపాయలు.

ఎక్కడ కాగితంగా మారుతుంది?

మురాబహా విలువంతా బ్యాంకు నిజంగా సరుకు కొన్నదా లేదా అన్నదానిమీద ఉంది. పాకిస్తాన్ పండితుడు ముఫ్తీ తఖీ ఉస్మానీ వంటి సమర్థకులే దీనిని ఆదర్శ పద్ధతిగా చెప్పలేదు. ఇది అసలు అప్పు ఇచ్చే పద్ధతే కాదని, ఒక రకం అమ్మకమని, కఠిన నిబంధనలతో తప్పనిసరి పరిస్థితిలో వాడుకోవలసిన దారి అని ఆయన రాశారు. ఆదర్శమైనవి ముదారబా, ముషారకా. మొదటిదానిలో ఒకరిది పెట్టుబడి, మరొకరిది శ్రమ. రెండవదానిలో ఇద్దరూ పెట్టుబడి పెడతారు. రెండింటిలోనూ లాభాన్ని ముందుగా ఒప్పుకున్న నిష్పత్తిలో పంచుకుంటారు. కాని బ్యాంకులు వాటివైపు అంతగా వెళ్లవు. చిన్న వ్యాపారి అసలు లాభం ఎంతో అతని ఖాతా పుస్తకాలు చూసి నమ్మడం బ్యాంకుకు కష్టం. రెండు పుస్తకాలు రాసే అలవాటున్న చోట మరీ కష్టం.

అందువల్ల మురాబహాయే రాజ్యమేలుతుంది, దానిలో సందులూ పుడతాయి. సాధారణంగా జరిగేది ఇది: సరుకు కొనే పనిని బ్యాంకు తన ప్రతినిధిగా వ్యాపారికే అప్పగించి, డబ్బును అతని ఖాతాలోనే వేస్తుంది. వ్యాపారి తోళ్లు కొంటాడో, పాత బాకీ తీరుస్తాడో అడిగేవారు ఉండరు. నెల తర్వాత ఒక రసీదు దస్త్రంలో చేరుతుంది. కొన్నిసార్లు ఆ రసీదుమీద తేదీ, బ్యాంకు అతనికి ‘అమ్మిన’ తేదీకి తర్వాతది. అంటే తన దగ్గర లేని సరుకును బ్యాంకు అమ్మింది. అక్కడ మిగిలింది వడ్డీ అప్పు తప్ప మరేమీ కాదు. షరియా ఆడిటర్లు ముందుగా చూసేది ఈ తేదీల వరుసనే: టానరీకి చెల్లింపు, సరుకు అధీనం, ఆ తర్వాత అమ్మకం. పాత బాకీని కొత్త మురాబహాతో తీర్చడం మరొక గుర్తు. సరుకు ఏదీ రాకుండా బాకీ మాత్రం పెరుగుతుంది.

సరిహద్దు అవతలి అనుభవం ఇంకొక పరిమితిని చూపింది. 2017లో ఇస్లామీ బ్యాంక్ బంగ్లాదేశ్‌పై ఎస్ ఆలమ్ గ్రూపు ఆధిపత్యం సంపాదించింది. ఆ గ్రూపుకు సంబంధించిన సంస్థలకు భారీ మొత్తాలు మళ్లాయన్న ఆరోపణల నేపథ్యంలో, ప్రభుత్వం మారిన తర్వాత 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు పాత బోర్డును రద్దు చేసింది. షరియా మండలి ఒప్పందం ధర్మబద్ధమో కాదో చెప్పగలదు గాని, యజమానులే తమకు తాము ‘అమ్ముకుంటే’ ఆపగల శక్తి దానికి ఉండదు.

భారతదేశంలో ఎందుకు లేదు?

తిల్జలా వ్యాపారి ఉదాహరణను ఊహాత్మకమని చెప్పడానికి కారణం, భారతదేశంలో ఏ బ్యాంకూ ఆ తోళ్లు కొనలేదు. 1949 బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టంలోని 8వ సెక్షన్ బ్యాంకులు సరుకులు కొని అమ్మే వ్యాపారం చేయకూడదంటుంది. 9వ సెక్షన్ సొంత అవసరానికి కాని స్థిరాస్తిని ఏడేళ్లకు మించి ఉంచుకోకూడదంటుంది. డిపాజిటరు డబ్బు తోళ్ల ధరలమీద ఆధారపడకూడదన్నది ఆ సెక్షన్ల ఉద్దేశం. మతంతో వాటికి నిమిత్తం లేదు. కాని ఇస్లామిక్ బ్యాంకు చేయవలసిన పని సరిగ్గా అదే.

ఇంటి విషయంలో మరో అడ్డంకి పన్ను. 40 లక్షల ఫ్లాటుకు స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి 7 శాతం అనుకుంటే 2,80,000 రూపాయలు. బ్యాంకు ముందు తాను కొని, తర్వాత కొనుగోలుదారుకు అమ్మితే రెండు రిజిస్ట్రేషన్లు, అంటే కనీసం 5,60,000 రూపాయలు. బ్రిటన్ 2003లో ఇటువంటి లావాదేవీలకు రెండవసారి స్టాంపు పన్ను లేకుండా చట్టం సవరించింది. ఇక్కడ అటువంటి సవరణ జరగలేదు.

ప్రయత్నాలు జరగకపోలేదు. రఘురామ్ రాజన్ నాయకత్వంలోని ఆర్థిక రంగ సంస్కరణల కమిటీ 2008లో, మతపరమైన కారణాలతో బ్యాంకులకు దూరంగా ఉన్నవారి కోసం వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించాలని సిఫార్సు చేసింది. దీపక్ మొహంతీ కమిటీ 2015లో మామూలు బ్యాంకులలోనే ప్రత్యేక విండో తెరవవచ్చని సూచించింది. 2017 నవంబరులో ఒక సమాచార హక్కు దరఖాస్తుకు సమాధానంగా, ఆ ప్రతిపాదనపై ముందుకు వెళ్లరాదని నిర్ణయించినట్టు రిజర్వు బ్యాంకు తెలిపింది. పౌరులందరికీ బ్యాంకింగ్ సేవలు విస్తృతంగా, సమానంగా అందుబాటులో ఉన్నాయన్నది దానికి చెప్పిన కారణం.

మిగిలినవి చిన్న దారులు. మద్యం, జూదం, వడ్డీ వ్యాపారం చేసే కంపెనీలనూ, అప్పులు ఎక్కువగా ఉన్నవాటినీ తప్పించి షేర్లలో పెట్టుబడి పెట్టే మ్యూచువల్ ఫండ్లు కొన్ని ఉన్నాయి. అవి డబ్బున్నవారికి పనికివస్తాయి, అప్పు కావలసినవారికి కాదు. అప్పు కోసం ఉత్తర భారతంలో ముస్లిం ఫండ్లు పుట్టాయి. దేవబంద్‌లోనిది 1961లో మొదలైంది. హైదరాబాద్‌లో తూర్ బైతుల్ మాల్ 1966 నుంచి పనిచేస్తోంది. ముస్లిం ఫండ్లు నగలు కుదువపెట్టుకుని వడ్డీ లేని అప్పు ఇస్తాయి, నిర్వహణ ఖర్చుకు సేవా రుసుము తీసుకుంటాయి. ఇక్కడా ఒక సున్నితమైన గీత ఉంది. రుసుము కాగితానికీ జీతానికీ అయిన నిజమైన ఖర్చుకు సరిపోవాలి. పదివేల అప్పుకైనా లక్ష అప్పుకైనా రాసే కాగితం ఒకటే. అందువల్ల రుసుము అప్పు మొత్తంతోనూ, గడువుతోనూ పాటు పెరుగుతుంటే అది పేరు మార్చుకున్న వడ్డీయేనని పండితులు అంటారు.

‘హలాల్’ పేరుతో వచ్చే వల

చట్టబద్ధమైన దారి ఇరుకుగా ఉన్నచోట అడ్డదారులు వెడల్పవుతాయి. తెలుగువారికి ఇది దూరపు సంగతి కాదు. తిరుపతి ప్రాంతంలో మొదలై హైదరాబాద్ కేంద్రంగా విస్తరించిన హీరా గ్రూపు, బంగారం వ్యాపారంలో వడ్డీ లేని ‘హలాల్’ లాభం పేరిట పెట్టుబడులు సేకరించింది. ఏడాదికి సుమారు 36 శాతం రాబడి ఆశ చూపిందని దర్యాప్తు సంస్థలు చెబుతున్నాయి. 2018లో చెల్లింపులు ఆగాయి. అక్టోబరులో హైదరాబాద్ పోలీసులు సంస్థ అధినేత్రిని అరెస్టు చేశారు. ఆరోపణలను సంస్థ ఖండించింది, కేసులు కోర్టులకు చేరాయి. 2019 జూన్‌లో బెంగళూరులో ఐ మానిటరీ అడ్వైజరీ కూలినప్పుడూ మోసపోయినవారిలో ఎక్కువమంది వడ్డీకి దూరంగా ఉండాలనుకున్న ముస్లింలే. 2013లో శారదా చిట్‌ఫండ్ కూలడం చూసిన కోల్‌కతావాసులకు మతంతో సంబంధం లేకుండానే ఈ కథ తెలుసు.

36 శాతం అంటే నూటికి మూడు రూపాయలు. ఏ బంగారం వ్యాపారీ ప్రతినెలా అంత మిగుల్చుకుని ఇతరులకు పంచలేడన్నది ఒక అనుమానం. ధర్మశాస్త్రం తెలిసినవాడికి అంతకుముందే మరొక అనుమానం రావాలి. ముదారబాలో లాభాన్ని నిష్పత్తిగానే చెప్పాలి: వచ్చిన లాభంలో మీకు అరవై వంతులు, మాకు నలభై వంతులు అన్నట్టు. నష్టం వస్తే అది పెట్టుబడి పెట్టినవారిది, పనిచేసినవారికి శ్రమ వృథా. లక్షకు నెలకు మూడువేలు అని రూపాయలలోనో, పెట్టుబడిమీద శాతంలోనో ముందే హామీ ఇచ్చినా, అసలుకు ఢోకా లేదని రాసిచ్చినా ఆ క్షణానే అది ముదారబా కాకుండా పోతుంది. దాని అసలు పేరు రిబా.

కాబట్టి అటువంటి పథకం కాగితం చేతికి వచ్చినవారు అడగవలసిన ప్రశ్నలు పెద్ద శాస్త్రమేమీ కాదు. ఈ డబ్బుతో ఏ సరుకు, ఎవరి దగ్గర కొన్నారు, దాని రసీదు ఏది? నిరుడు ఏ నెలలోనైనా నష్టం వచ్చిందా, వస్తే పెట్టుబడిదారుల ఖాతాలో ఎంత తగ్గింది? డిపాజిట్లు సేకరించడానికి రిజర్వు బ్యాంకు లేదా సెబీ ఇచ్చిన రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? ఆ నంబరును సంస్థ ఇచ్చిన కరపత్రంలో కాకుండా, ఆ రెండు సంస్థల వెబ్‌సైట్లలోనే సరిచూసుకోవాలి.